‘తోశారు’ అన్న మాట దగ్గర ఆగాల్సి వచ్చినప్పుడు: కోర్టు ఇంటర్‌ప్రెటర్‌గా నా అనుభవం

2025 ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సెషన్స్ కోర్టు బెంచ్ క్లర్క్ ఫోన్ చేశారు. అది తెలుగు మాట్లాడే రాష్ట్రం కాదు. కోర్టులో సాక్ష్యాన్ని ఇంగ్లీషులోనే టైపు చేస్తారు. తెలుగు తెలిసిన ఉద్యోగి బదిలీ అయి వెళ్ళిపోయారట, ఒక సాక్షికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు, వచ్చి ఇంటర్‌ప్రెటర్‌గా చేయగలరా అని అడిగారు. నాది పత్రాల అనువాదం పని. అంతకుముందు కోర్టుల్లో చేసినవి చిన్న చిన్న సివిల్ కేసులు. ఇది మనిషి చనిపోయిన కేసు. ఒప్పుకున్నాను గానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి టెన్షన్ మొదలైంది.

ముందుగా నేను అడిగింది రెండే విషయాలు. సాక్ష్యంలో వచ్చే మనుషుల, చోట్ల పేర్లు, కేసు పెట్టిన సెక్షన్లు. పేర్లు ముందే తెలియకపోతే సాక్షి గబగబా చెప్పేటప్పుడు మనిషి పేరేదో ఊరి పేరేదో పోల్చుకోలేం. సెక్షన్లు ఐపీసీ 304, దానితో పాటు 34 అని చెప్పారు. ముద్దాయిలు ముగ్గురు. 304 అంటే హత్య కిందికి రాని నరహత్య. 34 అంటే ఉమ్మడి ఉద్దేశం. ఒకరు చేసిన పనికి, అదే ఉద్దేశంతో కలిసి పాల్గొన్న మిగతావాళ్ళు కూడా బాధ్యులవుతారు. అంటే ‘ఎవరు చేశారు, ఎంతమంది చేశారు’ అన్నదే ఈ కేసులో అసలు విషయమని అప్పుడే అర్థమైంది. పోలీసులు అంతకుముందు రాసుకున్న సాక్షి వాంగ్మూలం పంపమంటారా అని అడిగారు, వద్దన్నాను. అది చదివితే రేపు సాక్షి సగం మాట అనగానే మిగతా సగం నా బుర్ర నింపేస్తుంది. సాక్షి నోట్లోంచి వచ్చిన దాన్నే వినాలంటే ఆ కాగితం చూడకుండా ఉండటమే నయం.

మొదటి వాయిదా రోజు పొద్దున్న పదింటికే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాను. రెండో ముద్దాయి తరఫు లాయరు రాలేదని కేసు మూడు వారాల తర్వాతకి వాయిదా పడింది. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకూడదని అప్పుడు తెలిసింది. కేసు పిలిచేదాకా కదలడానికి లేదు, పిలిచినా జరుగుతుందో లేదో తెలియదు.

ఆ రోజే సాక్షిని వరండాలో చూశాను. నలభై దాటిన మనిషి, భవన నిర్మాణ పనుల్లో కూలీ. నేను ఫోన్లో ఎవరితోనో తెలుగులో మాట్లాడటం విని దగ్గరికొచ్చి, “అమ్మా, మీరు మనోళ్ళేనా? అసలు ఆరోజు ఏం జరిగిందంటే...” అని మొదలుపెట్టింది. ఆపాల్సి వచ్చింది. “అమ్మా, లోపల మీరు చెప్పింది చెప్పినట్టు జడ్జిగారికి చెప్పడమే నా పని. బయట కేసు గురించి మనం మాట్లాడుకోకూడదు” అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. అంత పెద్ద కోర్టులో ఆమె భాష తెలిసింది నాకొక్కదానికే. ఆ నేనే మాట్లాడకూడదంటే ఆమెకి ఎలా ఉంటుందో తెలుసు. కానీ వరండాలో ఆమె చెప్పింది నా చెవిలో పడితే, లోపల ఆమె చెప్పని వివరం కూడా నా అనువాదంలోకి జారిపోయే ప్రమాదం ఉంది. దూరంగా వెళ్ళి కూర్చున్నాను.

మార్చిలో రెండో వాయిదా రోజు పన్నెండు గంటలకి కేసు పిలిచారు. ముందు నాచేత ప్రమాణం చేయించారు. 1969 నాటి ఓత్స్ యాక్టులో ఇంటర్‌ప్రెటర్లకి విడిగా ఒక ప్రమాణం ఉంది. సాక్షిని అడిగే ప్రశ్నల్నీ, సాక్షి చెప్పే జవాబుల్నీ నిజాయితీగా అనువదించి వివరిస్తానని, ఇచ్చిన పత్రాల్ని తప్పులు లేకుండా తర్జుమా చేస్తానని చెప్పాలి. అందులో ‘అనువదించి’ అన్న మాట పక్కనే ‘వివరించి’ అని ఉండటం నాకు తర్వాత చాలా అక్కరకొచ్చింది.

మొదలుపెట్టే ముందు జడ్జిగారి అనుమతి అడిగి, అందరి ముందే సాక్షితో రెండు నిమిషాలు మామూలు మాటలు మాట్లాడాను. పొద్దున్న ఎలా వచ్చారు, ఎవరితో వచ్చారు, నా మాట అర్థమవుతోందా అని. కేసుకి సంబంధం లేని కబుర్లే. ఆమె యాస నా చెవికి పట్టాలి, నా తెలుగు ఆమెకి తేలిగ్గా అర్థమవ్వాలి, అందుకోసం. ఆ రెండు నిమిషాల్లోనే ఆమె ‘వాళ్ళు’ అనాల్సిన చోట ‘ఓళ్ళు’ అంటుందని గమనించాను. తనకన్నా పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు వచ్చారు, అన్నారు అంటోంది. తోటివాళ్ళ గురించి చెప్పేటప్పుడు వచ్చాడు, అన్నాడు అంటోంది.

ఇంటర్‌ప్రెటర్ సాక్షి గొంతుతోనే మాట్లాడాలి. సాక్షి “నేను చూశాను” అంటే ఇంగ్లీషులోనూ “నేను చూశాను” అనే చెప్పాలి, “ఆమె చూసిందంటోంది” అనకూడదు. నా తరఫున ఏదైనా చెప్పాల్సి వస్తే మాత్రం “ఇంటర్‌ప్రెటర్ ఒక విషయం మనవి చేస్తున్నారు” అని మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకోవాలి. రికార్డులో ఏ ‘నేను’ ఎవరిదో కలిసిపోకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. మొదట్లో నోటికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ పది నిమిషాల్లో అలవాటైపోయింది.

ప్రాసిక్యూటర్ అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. కట్టుబడిలో ఉన్న ఇల్లు. రెండో అంతస్తు మెట్ల దగ్గర ఇంకా రెయిలింగ్ కట్టలేదు. చనిపోయినతను మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ముద్దాయిల్లో మొదటివాడు ఆ మేస్త్రీ, రెండోవాడు అతని బావమరిది, మూడోవాడు అక్కడే పనిచేసే ఇంకొకతను. అప్పుడు ఆరోజు ఏం చూశారో చెప్పమన్నారు. ఆమె ఇలా చెప్పింది, నేను నోట్‌ప్యాడ్ మీద మాట మాటా రాసుకున్నాను:

“నేను తట్ట ఎత్తుకుని మెట్లెక్కుతున్నానండీ. ముగ్గురూ పైకొచ్చారు. మేస్త్రీగారు డబ్బుల గురించి గట్టిగా అడిగారు. ఇస్తానన్నాడు ఇతను. మాటా మాటా పెరిగింది. తోశారు. పడిపోయాడు.”

చివరి రెండు మాటలకి ముందు దాకా ఇబ్బంది లేదు. ముగ్గురూ అని చెప్పింది, మేస్త్రీగారు అని చెప్పింది, ఎవరేం చేశారో తెలుస్తోంది. ‘తోశారు’ దగ్గర ఆగిపోయాను.

తెలుగు వింటున్న మనకి ఆ వాక్యంలో లోటేమీ కనిపించదు. కర్త లేకుండా మాట్లాడటం మనకి అలవాటు. కానీ ‘తోశారు’ అంటే మేస్త్రీగారు ఒక్కరే తోసి ఉండొచ్చు, గౌరవం కోసం ‘ఆరు’ వచ్చింది. లేదా ముగ్గురూ తోసి ఉండొచ్చు, బహువచనం కాబట్టి ‘ఆరు’ వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు అయినా అదే మాట. ఇంగ్లీషులో ఈ వాక్యం చెప్పాలంటే ముందు ‘హీ’ అనో ‘దే’ అనో అనక తప్పదు. ‘హీ’ అంటే ఇద్దరు ముద్దాయిలు దాదాపు కేసులోంచి బయటపడతారు. ‘దే’ అంటే ముగ్గురి మెడకీ 34 చుట్టుకుంటుంది. ఆమె ఈ రెండిట్లో ఏదీ అనలేదు.

‘అతను తోయబడ్డాడు’ అన్న అర్థం వచ్చేలా, తోసినవాళ్ళు కనపడకుండా చెప్పేస్తే సరిపోతుందిగా అని నాకూ అనిపించింది. అది అబద్ధం కాదు. కానీ ఆమె ‘తోశారు’ అంది. తోసినవాళ్ళు ఉన్నారని, వాళ్ళని ‘ఆరు’ అనే పద్ధతిలో చెప్పిందని ఆ క్రియలో ఉంది. కర్మణి వాక్యంలో ఆ సమాచారం పూర్తిగా పోతుంది. పైగా అక్కడొక సందేహం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. జడ్జిగారు అడగాల్సిన ప్రశ్న అడగకుండానే ముందుకి వెళ్ళిపోతారు.

ఇంకో దారి, ఆమె వైపు తిరిగి “ఎవరమ్మా తోసింది?” అని తెలుగులో అడిగేయడం. చేయకూడని పని అదే. అప్పుడు ప్రశ్న అడిగింది నేనవుతాను, లాయరు కాదు. ఆ ప్రశ్న రికార్డులో ఉండదు. నేను ఏ మాటతో అడిగానో, ఆమె ఎందుకలా జవాబిచ్చిందో కోర్టులో ఒక్కరికీ తెలియదు.

ఇంకొకటి ఉంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆమె మాటతీరు అరగంటగా వింటున్న నా చెవికి అది మేస్త్రీ ఒక్కడే అని తోచింది. ఆమె అతన్నే ‘గారు’ అంటోంది. బావమరిదిని ‘వచ్చాడు, అన్నాడు’ అంటోంది. అంతకుముందు వాక్యం కూడా మేస్త్రీ గురించే. మామూలుగా ఎవరైనా నాకు ఈ సంగతి చెబితే ‘ఓహో, మేస్త్రీ తోశాడన్నమాట’ అనుకుని ఇంకొకరికి అలాగే చెప్పేదాన్ని. కోర్టులో నాకా హక్కు లేదు. ముగ్గురు కలిసి తోసినా ఆమె ‘తోశారు’ అనే అంటుంది కదా. నా ఊహ ఎంత గట్టిదైనా అది నా ఊహే, ఆమె సాక్ష్యం కాదు.

ఇదంతా రాయడానికి ఇంతసేపు పట్టింది గానీ అక్కడ దొరికింది మూడు నాలుగు క్షణాలు. అందరూ నావైపే చూస్తున్నారు. స్టెనో చేతులు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి. ఆ దాకా ఉన్న వాక్యాల్ని ఇంగ్లీషులో చెప్పేసి, జడ్జిగారితో ఇలా అన్నాను: “తర్వాతి మాట గురించి ఇంటర్‌ప్రెటర్ కోర్టువారికి మనవి చేస్తున్నారు. సాక్షి వాడిన క్రియలో కర్త లేదు. ఆ రూపాన్ని తెలుగులో గౌరవించే ఒక్క మనిషికీ వాడతారు, ఒకరికన్నా ఎక్కువ మందికీ వాడతారు. ఆ క్రియలో ఉన్న సమాచారం పోకుండా ఇంగ్లీషులో కర్త లేకుండా చెప్పే వీలు లేదు. ఏదో ఒకటి ఎంచుకుంటే సాక్షి చెప్పనిది చేర్చినట్టవుతుంది.”

కోర్టు హాల్లో ఒక్కసారిగా గొడవ మొదలైంది. ప్రాసిక్యూటర్ లేచి, పోలీసు వాంగ్మూలంలో ముగ్గురూ తోశారనే ఉంది కాబట్టి ‘దే’ అని రాసుకోవచ్చన్నారు. పోలీసుల ముందు చెప్పిన మాటని సాక్షి ఇప్పుడు చెప్పేదానికి బలంగా చూపడానికి వీల్లేదని, సాక్షి మాట దానికి విరుద్ధంగా ఉందని చూపడానికే దాన్ని వాడాలని ముద్దాయిల లాయర్లు అభ్యంతరం చెప్పారు. రెండో ముద్దాయి లాయరు అయితే, అది గౌరవానికి వాడిన మాటేనని, అంటే మేస్త్రీ ఒక్కడేనని ఇంటర్‌ప్రెటరే చెప్పారు కదా అన్నారు. నేను అలా చెప్పలేదు, రెండూ కుదురుతాయన్నాను. మేస్త్రీ లాయరు వెంటనే అది బహువచనమేనన్నారు. ఒక్క అక్షరం చుట్టూ ముగ్గురికి మూడు అవసరాలున్నాయి. నేను ఎటు మొగ్గినా ఒకళ్ళకి లాభం, ఒకళ్ళకి నష్టం.

జడ్జిగారు అందరినీ కూర్చోబెట్టి నన్ను సూటిగా అడిగారు. “మీరు తెలుగువారు. సందర్భాన్ని బట్టి మీకేమనిపిస్తోంది?” గుండె గట్టిగా కొట్టుకుంది. నాకేమనిపిస్తోందో నాకు తెలుసు. “ఆ మాటకి తెలుగులో ఏయే అర్థాలు కుదురుతాయో ఇంటర్‌ప్రెటర్ చెప్పగలరు. సాక్షి ఏ అర్థంలో అన్నారో సాక్షి మాత్రమే చెప్పగలరు, దయచేసి సాక్షినే అడగండి” అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి తలూపారు.

తర్వాత ఆయన చేసినది ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా కథనంలా రాస్తారు. ప్రశ్నలు వదిలేసి, సాక్షి వరసగా చెప్పుకుంటూ పోయినట్టు జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. కానీ ఏదైనా భాగాన్ని ప్రశ్న-జవాబుగా రాయించే అధికారం ఆయనకి ఉంది. ఈ కేసు కొత్త చట్టం అమల్లోకి వచ్చిన 2024 జూలై 1కి ముందే విచారణకి వచ్చింది కాబట్టి పాత సీఆర్‌పీసీ ప్రకారమే నడుస్తోంది, అందులో ఇది 276వ సెక్షన్. ప్రాసిక్యూటర్ ప్రశ్నని ఉన్నదున్నట్టు రాయించి, జవాబు దగ్గర సాక్షి వాడిన తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టించి, నేను చెప్పిన వివరణని ఇంటర్‌ప్రెటర్ చెప్పినట్టుగా దాని కింద విడిగా టైపు చేయించారు. రేపు పైకోర్టులో తెలుగు తెలిసిన జడ్జి ఎవరైనా చదివితే అసలు మాట ఆయన కళ్ళ ముందు ఉంటుంది. ఇలా చేస్తారని నాకు ముందు తెలియదు. ఆ మాట రికార్డులోకి వెళ్ళడం చూశాక ఊపిరి తీసుకున్నాను.

ఆ తర్వాత ఆయనే ప్రశ్న వేశారు. ఎవిడెన్స్ యాక్ట్ 165 కింద జడ్జి ఏ ప్రశ్నైనా అడగొచ్చు. ఇంగ్లీషులో ‘హూ పుష్డ్ హిమ్’ అన్నారు. ఇప్పుడు ఇటువైపు ఇబ్బంది. ఆ ప్రశ్నని తెలుగులోకి తేవడంలో కూడా నేను జవాబు అందించేయొచ్చు. ‘ఎవరెవరు తోశారు’ అంటే చాలామంది ఉన్నారని నేనే చెప్పినట్టు. ‘ఏ మనిషి తోశాడు’ అంటే ఒక్కడేనని చెప్పినట్టు. అదృష్టం కొద్దీ మనకి ‘ఎవరు’ ఉంది, ఒకరైనా పదిమందైనా దానికి సరిపోతుంది. “అతన్ని ఎవరు తోశారు?” అని అడిగాను, గొంతులో ఏ మాట మీదా ఒత్తు పెట్టకుండా.

ఆమె వెంటనే, “మేస్త్రీగారోళ్ళండీ” అంది.

మళ్ళీ అదే పరిస్థితి, ఇంకా చిక్కుగా. ‘గారు, వాళ్ళు’ కలిసి గారోళ్ళు అయితే మేస్త్రీ, అతనితో ఉన్నవాళ్ళు అని. ‘గారి వాళ్ళు’ వేగంగా పలికి గారోళ్ళు అయితే మేస్త్రీ తాలూకు మనుషులు అని. అందులో మేస్త్రీ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మొదట్లో మాట్లాడిన కబుర్లలో ఆమె ‘ఓళ్ళు’ అనడం విన్నాను కాబట్టి ఇది పొరపాటున దొర్లింది కాదని, ఆమె మాట్లాడే తీరే అదని తెలుసు. మళ్ళీ “ఇంటర్‌ప్రెటర్ మనవి” అని మొదలుపెట్టాలంటే మొహమాటమేసింది. ప్రతి మాటకీ అడ్డం పడుతోందని అందరూ విసుక్కుంటారనిపించింది. ప్రాసిక్యూటర్ అప్పటికే ఫైలు మూసి బల్ల మీద కొట్టారు. అయినా చెప్పాను. రెండు అర్థాలూ చెప్పి, ఏదో తేల్చడం నా వల్ల కాదన్నాను. ఆ మాట కూడా తెలుగులోనే రికార్డుకెక్కింది.

అలాగని సాక్షి కర్త వదిలేసిన ప్రతి వాక్యం దగ్గరా ఆపకూడదు. ఆపితే విచారణే సాగదు. నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఇంగ్లీషులో చెప్పడానికి, సాక్షి ఇవ్వని సమాచారాన్ని నేను కొత్తగా చేర్చాల్సి వస్తోందా? ‘ముగ్గురూ పైకొచ్చారు’ తర్వాత ‘ఆగారు’ అని వస్తే దానికి ముగ్గురూ అన్న మాట ఆసరా ఉంటుంది, చేర్చేదేమీ లేదు. ‘తోశారు’కి ఆ ఆసరా లేదు.

ఈసారి జడ్జిగారు, ‘మేస్త్రీగారోళ్ళు’ అని ఎవరి గురించి అన్నారు, మీరు స్వయంగా ఏం చూశారు అని అడిగించారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ముద్దాయిల వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆ మౌనాన్ని నేను పూరించకూడదు, “చెప్పమ్మా” అని కూడా అనకూడదు, నిలబడి ఉండాలంతే. తర్వాత మెల్లగా చెప్పింది:

“చేతులు చూడలేదండీ. నెత్తి మీద తట్ట ఉంది నాకు. ముగ్గురూ అతని చుట్టూ ఉన్నారు, మేస్త్రీగారు ఎదురుగా ఉన్నారు. కదిలినట్టయింది, అతను వెనక్కి పడ్డాడు. ఓళ్ళలో ఎవరి చెయ్యి తగిలిందో నేను చూళ్ళేదు.”

ఇందులో అనువాదానికి కష్టమైన మాటే లేదు. చెబుతుంటే మాత్రం నా గొంతు వణికింది. ఆమె అస్పష్టంగా మాట్లాడింది ఆమెకి మాట రాక కాదు. ఆమె చూసిందే అంత. ఆ చూసినదానికి సరిగ్గా సరిపోయే మాటే వాడింది. నేను నా చెవిని నమ్మి ‘హీ’ అని ఉంటే ఆమె చూడనిది చూసినట్టు అయ్యేది. ‘దే’ అన్నా అంతే.

భోజన విరామంలో రెండో ముద్దాయి లాయరు వరండాలో నా దగ్గరికొచ్చి, “మేడం, మీరు చాలా చక్కగా వివరించారు, ఆ గౌరవం సంగతి ఇంకొంచెం...” అన్నారు. ఏదున్నా జడ్జిగారి ముందే మాట్లాడదామని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. వెళ్ళి బెంచ్ క్లర్కుకి ఆ మాట చెప్పి ఉంచాను. అప్పటికి రెండు గంటలు ఏకధాటిగా చేశాను. తల దిమ్మెక్కిపోయింది. ఈ పనిలో అరగంట దాటాక మాటలు జారడం మొదలవుతుంది, ఇద్దరు ఉంటే వంతులు వేసుకుంటారు. నేనొక్కదాన్నే కాబట్టి మధ్యాహ్నం నుంచి మధ్యమధ్యలో ఐదు నిమిషాలు విరామం ఇప్పించమని అడిగాను, ఇచ్చారు. అడగడానికి మొహమాటపడొద్దు.

మధ్యాహ్నం క్రాస్ ఎగ్జామినేషన్ నేను భయపడినంత కష్టంగా లేదు. ముగ్గురు లాయర్లూ ‘చేతులు చూడలేదు’ అన్నదాన్నే పట్టుకున్నారు, ఆమె అదే మాట మీద నిలబడింది. అసలు చిక్కు సాయంత్రం ఐదున్నరకి వచ్చింది. ఇదంతా రాయడానికి ముఖ్య కారణం కూడా అదే.

సాక్ష్యం పూర్తయ్యాక టైపు చేసిన కాగితాల్ని సాక్షికి చదివి వినిపించాలి. సీఆర్‌పీసీలో అది 278వ సెక్షన్. రికార్డు వేరే భాషలో ఉంటే, సాక్షికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తప్పు రాసుంటే అక్కడ బయటపడాలన్నది దాని ఉద్దేశం. అందరికీ ఇంటికి వెళ్ళే తొందర. స్టెనో కాగితాలు నా చేతికిచ్చి, “త్వరగా చెప్పేయండి మేడం, సంతకం పెట్టిస్తే అయిపోతుంది” అన్నారు. నిలబడే చదవడం మొదలుపెట్టాను. ప్రశ్న-జవాబు భాగం సరిగ్గా ఉంది. రెండో పేజీ కింద, విరామం తర్వాత డిక్టేట్ చేసిన కథనంలో ఒక వాక్యం కనిపించింది. ‘ఆఫ్టర్ దే పుష్డ్ హిమ్, ఐ షౌటెడ్’ అని.

నా నోట్‌ప్యాడ్ తీసి చూశాను. ఆమె అన్నది “తోశాక నేను అరిచానండీ.” ‘తోశాక’లో గౌరవం లేదు, బహువచనం లేదు, మనిషే లేడు. నేను ఇంగ్లీషులో ‘ఆ తోయడం జరిగాక’ అన్న అర్థంలోనే చెప్పానని నా రాతలో ఉంది. డిక్టేషన్లో అది ‘దే’ అయింది. ఆ సమయంలో నేను తర్వాతి ప్రశ్నని సాక్షికి చెబుతూ ఉన్నాను, వినలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని ముందు ఎవరూ నాకు చెప్పలేదు. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని సహజమైన తెలుగులో చదివితే ఏమవుతుంది? “తోశాక నేను అరిచాను” అవుతుంది. ఆమె అన్న మాటే ఆమెకి వినిపిస్తుంది. “అవునండీ” అంటుంది, వేలిముద్ర వేస్తుంది. తప్పు పట్టుకోవడానికి పెట్టిన పద్ధతిలోంచే తప్పు దర్జాగా దాటిపోతుంది. ఇంగ్లీషులో ఉన్న ‘దే’ తెలుగులోకి వచ్చేసరికి దానంతటదే కరిగిపోతుంది కాబట్టి, నా అనువాదం బాగుంటే బాగున్నకొద్దీ ఆమెకి తప్పు కనపడదు. నెలల తరబడి అందరూ చదివేది మాత్రం ఆ ఇంగ్లీషు కాగితమే.

అందుకని సహజంగా ఉన్నా లేకపోయినా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాను. “‘వాళ్ళు అతన్ని తోశాక నేను అరిచాను’ అని ఇక్కడ రాసి ఉంది.” మిగతా వాక్యాలు ఎలా చదివానో అదే గొంతుతో.

ఆమె తల ఎత్తింది. “ఓళ్ళు అని నేననలేదండీ. తోశాక అన్నాను. ఎవరో చూళ్ళేదని చెప్పాను గదా.”

ఆ మాట జడ్జిగారికి చెప్పి, ఆ వాక్యానికి నేను చేసిన అనువాదం కూడా ఏమిటో చెప్పాను. ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పారు. టైపు అయిపోయిన సాక్ష్యాన్ని ఇప్పుడు మార్చకూడదన్నారు. జడ్జిగారు వాక్యాన్ని దిద్దలేదు. ఇలాంటప్పుడు దిద్దడానికి బదులు సాక్షి అభ్యంతరాన్ని మెమోరాండంగా రాసి పెట్టొచ్చని అదే సెక్షన్‌లో ఉంది, ఆయన అలా చేశారు. సాక్షి అన్న ‘తోశాక’ని, అందులో కర్త లేదన్న నా వివరణని దానిలో రాయించి, దాని కింద తన అభిప్రాయం చేర్చారు. దిద్ది ఉంటే బాగుండునని నాకనిపించింది. ఆ వాక్యం అక్కడ అలాగే ఉంది, మెమోరాండం వేరే పేజీలో ఉంది. కానీ ఉంది. ఎవరైనా ఆ ‘దే’ని చూపిస్తే, రెండోవాళ్ళు ఆ పేజీ తీసి చూపించొచ్చు.

ఆమె వేలిముద్ర వేసింది, నేను ఇంటర్‌ప్రెటర్‌గా ప్రతి పేజీ కిందా సంతకం చేశాను. బయటికొచ్చేసరికి ఏడు. మెట్ల దగ్గర ఆమె కనిపించి, “అమ్మా, నేను సరిగ్గానే చెప్పానా?” అని అడిగింది. ఆ ప్రశ్నకి కూడా జవాబు చెప్పకూడదు. బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగితే మాత్రం చూపించాను.

ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. చనిపోయినతని భార్య ఆ రోజంతా వెనక బెంచీలో కూర్చుని ఉంది. ‘దే’ అని ఒక్క మాట అనేసి ఉంటే ఆమెకి న్యాయం కాస్త దగ్గరయ్యేదేమో అన్న ఆలోచన వచ్చింది. అదే మాట వల్ల ఏమీ చేయని మనిషి ఎవరైనా జైలుకి వెళ్ళేవాడేమో అన్న ఆలోచనా వచ్చింది. రెండూ నేను మోయాల్సినవి కావని తెలుసు, అయినా ఆ రాత్రి మోశాను. ఇప్పటికీ ఆ పని చేసిన పద్ధతి మీద నాకు సందేహం లేదు.

పనికొచ్చే సంగతులు ఇంకొన్ని. నోట్‌ప్యాడ్‌లో సాక్షి మాటల్ని వీలైనంతవరకు తెలుగులోనే రాసుకోండి. నేను ఇంగ్లీషులో రాసుకుని ఉంటే సాయంత్రం ‘తోశాక’ దొరికేది కాదు. చదివి వినిపించేటప్పుడు కూర్చోవడానికి కుర్చీ అడగండి, తొందరపెట్టినా ఒక్కో వాక్యం ఆగి చదవండి. ఫీజు బిల్లుకి హాజరు సర్టిఫికెట్ జతచేయాలి, అది ఆ రోజే క్లర్కు దగ్గర తీసుకోకపోతే తర్వాత దొరకడం కష్టం. వాయిదా పడిన రోజుకి కూడా సర్టిఫికెట్ అడగొచ్చని నాకు తెలియదు, ఆ క్లర్కుగారే గుర్తుచేసి ఇచ్చారు. బిల్లు పాసయ్యేసరికి జూలై నెల వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. మరో తెలుగు సాక్షి ఉన్నారట, వచ్చే వాయిదాకి మళ్ళీ రమ్మన్నారు. ఈసారి ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లని పిలవమని రాతపూర్వకంగా అడిగాను.